బతుకుదెరువు: ఇంటికో కాగితం, ఆఫీసుకో కాగితం

లోయర్ పరేల్ దిక్కున మన తాతలు, నాయనలు సాంచాలు నడిపిన జాగాల్లో ఇప్పుడు అద్దాల బిల్డింగులు లేచినయి. ఫీనిక్స్ మిల్లు మాల్ అయింది. కమలా మిల్లు కాంపౌండు నిండా ఆఫీసులు, హోటళ్లే. ఆ ఆఫీసుల్లో పొద్దంతా కంప్యూటర్ ముందు కూచునేవాళ్లకు మెడ పట్టేస్తది, నడుం లాగుతది. అందుకే కొన్ని కంపెనీలు వారానికి ఒకటి రెండు రోజులు యోగా క్లాసు పెట్టిస్తున్నాయి. మన చాళ్లలో యోగా నేర్చుకున్న పిల్లలు చాలామందే ఉన్నారు. విద్య ఉంది, కానీ పని అడగడానికి పంపే కాగితం సరిగ్గా లేక చాలామంది ఆగిపోతున్నారు. ఈ నెల ఆ కాగితం, అంటే ప్రొఫైల్ గురించే చెప్పుకుందాం.

వర్లీలో ఉండే ఒక అమ్మాయి సంగతి తీసుకుందాం. నాయన రిటైరైన మిల్లు కార్మికుడు. ఆయుష్ మంత్రిత్వ శాఖ కింది యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష రాసి, ప్రాక్టికల్ చేసి చూపించి, రెండో లెవెల్ అయిన ‘యోగా వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్’ పాసైంది. ఐదు ఇండ్లకు, రెండు కంపెనీలకు వాట్సాప్‌లో ఒకటే ప్రొఫైల్ పంపింది. ఒక్కరూ పిలవలేదు. “ఏం తప్పుందో జర చూడు కాకా” అని నాకు చూపించింది.

పైన శీర్షాసనం వేసిన ఫోటో. కింద పద్నాలుగు ఆసనాల పేర్లు. ఆ కింద “షుగర్, బీపీ, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు యోగాతో మాయం” అన్న వాక్యం. ఫీజు లేదు, టైం లేదు, ఏ ఏరియాకు వస్తుందో లేదు.

“బిడ్డా, ఇది సదివేటోళ్లు ఇద్దరున్నరు. ఇంట్ల అరవై ఏండ్ల అమ్మ ఒకరు, ఆఫీసుల హెచ్‌ఆర్ మేడం ఒకరు. నువ్వు ఇద్దరికీ జవాబు చెప్పలే” అన్నాను.

ముందు ఇంటి సంగతి. ఇంట్లో నేర్చుకునేవాళ్లకు ఉండే మొదటి భయం, ‘నా ఒంటికి ఇది పడతదా?’ అని. తలకిందులుగా ఉన్న ఫోటో ఆ భయాన్ని పెంచుతుంది. రోగం మాయం చేస్తానన్న మాట చదువుకున్నవాళ్లకు అనుమానం తెస్తుంది. దాన్ని నమ్మి ఎవరైనా బీపీ గోలీలు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఆ వాక్యం కొట్టేసి ఇట్లా రాయించాను: “40 ఏండ్లు దాటిన ఆడవాళ్లకు ఇంటికి వచ్చి నేర్పుతాను. నేల మీద కూచోలేనివాళ్లకు కుర్చీతో చేయిస్తాను. మొదలుపెట్టే ముందు బీపీ, వెన్నుపూస, కండ్లు, ఆపరేషన్లు, గర్భం గురించి అడిగి రాసుకుంటాను. డాక్టరు మందులు ఆపమని చెప్పను.”

ఇది ఉత్త మాటగా ఉండకూడదు, ఎందుకు అడుగుతున్నదో టీచరుకు తెలిసి ఉండాలె. బీపీ ఎక్కువున్నవాళ్లతో ఊపిరి బిగబట్టించకూడదు. గ్లాకోమా ఉన్నవాళ్లతో తల కిందికి పోయే ఆసనాలు వేయించొద్దు. నడుం డిస్కు జారినవాళ్లను ముందుకు వంగబెట్టొద్దు. ఫోన్లో మొదటిసారి మాట్లాడేటప్పుడే ఇవి అడిగితే, ‘ఈ అమ్మాయికి పని తెలుసు’ అని వాళ్లకే అర్థమవుతుంది.

తర్వాత ఫీజు, ఏరియా. ఆమె గంట క్లాసుకు 500 అనుకుంది. పోను 40 నిమిషాలు, రాను 40. అంటే ఒక్క క్లాసుకు 140 నిమిషాలు పోతాయి, గంటకు 214 రూపాయలే పడ్డట్టు. అదే బిల్డింగులో పక్కింటివాళ్లు కూడా చేరితే 200 నిమిషాలకు 1,000 వస్తుంది, గంటకు 300. అందుకే ‘ముంబై అంతటా వస్తాను’ అని రాయొద్దు. “వర్లీ, ప్రభాదేవి మాత్రమే, పొద్దున 6 నుంచి 9” అని రాయాలె. దాని కిందనే “నెలకు 12 క్లాసులు, 6,000, ముందుగా. ముందు రోజు రాత్రి 8 లోపు చెబితే ఆ క్లాసు అదే నెలలో ఇంకో రోజు” అని కూడా ఉండాలె. ఈ చివరి ముక్క లేక నెలాఖరుకు మాట తేడాలొచ్చి క్లాసులు బందైన ఇండ్లు నేను చూసినవే ఉన్నాయి.

ఇక ఆఫీసు కాగితం. హెచ్‌ఆర్ మేడం క్లాసు తనకోసం కొనదు, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాలె. ఇరవై మంది ప్యాంటు షర్టుల్లో ఉంటారు, చాపలు ఉండవు, మీటింగు హాలు 45 నిమిషాలే దొరుకుతుంది. అందులో ఏం జరుగుతుందన్నదే ఆమె ప్రశ్న. దానికి ఆసనాల జాబితా జవాబు కాదు. మేం ఇట్లా రాశాం: “మొదటి 5 నిమిషాలు కూచునే తీరు, శ్వాస. తర్వాత 15 నిమిషాలు మెడ, భుజాలు, మణికట్లు. ఇంకో 15 నిమిషాలు లేచి కుర్చీ పట్టుకుని నడుం, పిక్కలు. చివరి 10 నిమిషాలు భ్రామరి, విశ్రాంతి. బట్టలు మార్చుకోనక్కర్లేదు.” శీర్షాసనం తీసేసి, కుర్చీలో కూచున్నవాళ్లకు ఆమె నేర్పుతున్న ఫోటో పెట్టాం. అందులో ఉన్నవాళ్లను అడిగి, ఒప్పుకున్నాకే పెట్టాం.

కాగితం చివర సర్టిఫికెట్ పేరు, నంబరు. పాన్, బ్యాంకు వివరాలు, క్యాన్సిల్ చేసిన చెక్కు అడిగిన రోజే పంపేటట్టు తయారుగా ఉంచుకోవాలె. కంపెనీ పుస్తకాల్లో పేరెక్కనిదే బిల్లు పాస్ కాదు.

డబ్బుల లెక్క కూడా ముందే తెలుసుకోవాలె. నెలకు 8 క్లాసులు, క్లాసుకు 1,500 అనుకుంటే బిల్లు 12,000. కంపెనీ సాధారణంగా 10 శాతం టీడీఎస్ పట్టుకుంటుంది, చేతికి 10,800 వస్తుంది. ఆ 1,200 పోయినట్టు కాదు. పాన్ మీద జమవుతుంది. ఏడాది ఆదాయం పన్ను కట్టేంత లేకపోతే రిటర్న్ వేసి వాపసు తీసుకోవచ్చు.

ఇంటివాళ్లు ముందే ఇస్తారు, కంపెనీ మాత్రం క్లాసులు అయిపోయిన ఎన్నో రోజులకు ఇస్తుంది. దీనికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పనికొస్తుంది. చిన్న వ్యాపారాల చట్టం (2006) ప్రకారం, అట్లా నమోదైనవాళ్లకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి డబ్బు ఆపరాదు, ఒప్పందమే లేకపోతే 15 రోజులు. నమోదు ఉచితం, ఆధార్, పాన్ చాలు. udyamregistration.gov.in లోనే చేయాలె, డబ్బు అడిగే వేరే సైట్లకు పోవద్దు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు రాయాలె. కోర్టుకు పోవడం మన తరం కాకపోయినా, ఆ నంబరు చూస్తే అకౌంట్స్‌వాళ్లు ఫైలు అడుగున పెట్టరు.

రెండు కాగితాలూ ఒక్కో పేజీనే. అవి పని చేస్తున్నాయా లేదా అన్నది వచ్చే ఫోనే చెబుతుంది. “ఏమేం నేర్పుతారు? ఎంత తీసుకుంటారు?” అని అడిగితే కాగితం తన పని చేయలేదు, ఆ జవాబు అందులోనే ఉండాల్సింది. “ఏ రోజు నుంచి వస్తారు?” అని అడిగితే చేసింది. ఆ అమ్మాయికి కొత్త కాగితం పంపిన తర్వాత ప్రభాదేవిలో ఒకే బిల్డింగు నుంచి రెండు ఇండ్లు దొరికాయి. రెండు కంపెనీల్లో ఒకటి నెల రోజులు చూస్తామని పిలిచింది, రెండోది ఇప్పటికీ పలకలేదు.