సగటు చూసి చెరువులో దిగకండి

భీమవరం దగ్గర పల్లెటూరి కుర్రాడొకడు మొన్న ఫోన్ చేశాడు. రాజమండ్రిలో ఉద్యోగం, వయసు ఇరవై మూడు. ‘అన్నా, ఈసారి రొయ్యల పట్టుబడిలో నాన్న లక్ష ఇచ్చారు. చెల్లి ఫీజు జూన్‌లో కట్టాలి, ఈలోగా ఎందులోనైనా పెడదామని. యాప్‌లో రెండు ఫండ్లు చూశా. రెండింటి సగటు రాబడీ ఇంచుమించు ఒకటే. కానీ ఒకదాని కింద స్టాండర్డ్ డీవియేషన్ 13, ఇంకోదాని కింద 22 అని ఉంది. ఎక్కువున్నదే మంచిదా?’

కాదు తమ్ముడూ. అది మార్కులు కాదు, ఊగిసలాట.

రొయ్యల చెరువు ఉన్న ఇంట్లో పుట్టినవాడికి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. రెండు చెరువులు అనుకుందాం. మొదటిదాంట్లో ఐదు పంటలకి వరసగా 3, 3.2, 2.8, 3.1, 2.9 టన్నులు పడ్డాయి. రెండోదాంట్లో 5, 1, 4.5, 0.5, 4 టన్నులు. కూడి చూడండి, రెండింటికీ సగటు 3 టన్నులే. కానీ వైట్ స్పాట్ వచ్చి అర టన్నే పడిన పంటకి లీజు ఎవరు కడతారు? మేత బాకీ ఎవరు తీరుస్తారు? సగటు ఆ మాట చెప్పదు. ఒక్కో పంట సగటుకి ఎంత దూరంగా పడుతోందో చెప్పే అంకెనే స్టాండర్డ్ డీవియేషన్ అంటారు. ఇంటర్ లెక్కల పుస్తకంలో క్రమ విచలనం అని చదువుకున్నది ఇదే.

ఇప్పుడు నిజం అంకెలతో చేద్దాం. డివిడెండ్లు కలపకుండా నిఫ్టీ 50 రాబడి, దగ్గరి శాతానికి సరిచేస్తే ఇలా ఉంది: 2020లో 15, 2021లో 24, 2022లో 4, 2023లో 20, 2024లో 9.

ముందు సగటు. మొత్తం 72, ఐదుతో భాగిస్తే 14.4. తర్వాత ఒక్కో ఏడాది ఆ సగటుకి ఎంత దూరంలో ఉందో చూడాలి: 0.6, 9.6, మైనస్ 10.4, 5.6, మైనస్ 5.4. వీటిని ఉన్నవి ఉన్నట్టు కూడితే ప్లస్సూ మైనస్సూ కొట్టేసుకుని సున్నా వస్తుంది. అందుకే ఒక్కోదాన్నీ దానితోనే హెచ్చవేసి, అప్పుడు కూడతాం. 261 వస్తుంది. మన చేతిలో ఉన్నది ఐదేళ్ల నమూనాయే కాబట్టి ఐదుకి బదులు నాలుగుతో భాగిస్తాం. 65 వస్తుంది. దానికి వర్గమూలం దాదాపు 8. అంతే, అయిపోయింది. ఫోన్‌లో గూగుల్ షీట్స్ ఉంటే ఐదు అంకెలూ వేసి ఇది కొట్టండి:

```
=STDEV(A1:A5)
```

ఇందులో ఒక తిరకాసు ఉంది. 24 శాతం వచ్చిన మంచి ఏడాది కూడా ‘దూరం’ కిందే లెక్కకొచ్చింది. ఈ అంకెకి పైకి ఎగరడమూ కింద పడడమూ ఒకటే.

సరే, 8 వచ్చింది. దీన్ని ఎలా చదవాలి? సగటుకి అటు 8, ఇటు 8 వేసుకోండి. అంటే 6 నుంచి 22 దాకా. మూడేళ్లలో సుమారు రెండేళ్లు రాబడి ఈ గట్ల మధ్య పడుతుందని పుస్తకాల అంచనా. మన ఐదేళ్లలో 15, 20, 9 లోపలే ఉన్నాయి, 24, 4 గట్టు దాటాయి. ఫర్వాలేదు, బాగానే కుదిరింది.

చాలా ఫండ్ల ఫ్యాక్ట్ షీట్లలో ఈ అంకెని గత మూడేళ్ల నెలవారీ రాబడుల నుంచి తీసి, ఏడాది లెక్కకి మార్చి వేస్తారు. మనం ఏడాదికో అంకెతో తీసిన 8ని తీసుకెళ్లి దాని పక్కన పెట్టకూడదు. పోల్చాలంటే ఒకే రకం ఫండ్లు, ఒకే కాలం, ఒకే పద్ధతి ఉండాలి. స్మాల్ క్యాప్ ఫండ్‌నీ డెట్ ఫండ్‌నీ పక్కపక్కన పెట్టి ఇదెక్కువ అదెక్కువ అంటే చేపల చెరువునీ కొబ్బరి తోటనీ పోల్చినట్టే.

ఇక అసలు విషయానికొద్దాం. ఆ 8ని నమ్ముకుని 2008లోకి వెళ్లండి. ఆ ఏడాది నిఫ్టీ 52 శాతం పడింది. మన సగటు 14 నుంచి అది 66 దూరం, అంటే ఎనిమిది గట్లకి అవతల. మన లెక్క ప్రకారం అలాంటి ఏడాది రానే రాకూడదు. వచ్చింది. తప్పు లెక్కది కాదు, మనం తీసుకున్న ఐదేళ్లలో పెద్ద వరద లేదు, అంతే. లంకల్లో ఇల్లు కట్టుకునేవాడు గోదావరి సగటు నీటిమట్టం అడగడు. ‘86 వరదకి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?’ అని అడుగుతాడు. ఆ ఏడాది ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఫండ్ విషయంలోనూ స్టాండర్డ్ డీవియేషన్ చూశాక, దాని అత్యంత చెడ్డ ఏడాది ఏదో కూడా అడగాలి.

2008 ఇంకో పాఠం కూడా చెప్పింది. మరుసటి ఏడాది 2009లో నిఫ్టీ 76 శాతం లేచింది. మైనస్ 52, ప్లస్ 76. రెండేళ్ల సగటు 12 శాతం లాభం, చూడ్డానికి బ్రహ్మాండం. కానీ 2008 మొదట్లో పెట్టిన లక్ష ముందు 48 వేలయింది, ఆ 48 వేలు 76 శాతం పెరిగి 84,480 దగ్గర ఆగింది. సగటు లాభమంటోంది, చేతిలో నష్టముంది. సగం పోయినదాన్ని మళ్లీ లక్ష చేయాలంటే 50 శాతం చాలదు, నూటికి నూరు శాతం రావాలి. ఊగిసలాట ఎక్కువైతే, అదే సగటుతో చేతికొచ్చేది తగ్గుతుంది.

మరి చెల్లి ఫీజు సంగతి? మన పట్టికలో 2020 ఎదురుగా 15 శాతం లాభమని ఉంది కదా. అదే ఏడాది జనవరిలో 12,300 దాటిన నిఫ్టీ, కోవిడ్ భయంతో మార్చి 23న 7,610 దగ్గర ముగిసింది. జనవరిలో లక్ష పెట్టినవాడికి ఆ రోజు 62 వేలే కనిపించాయి. డిసెంబరుదాకా ఆగినవాడు ఒడ్డున పడ్డాడు. మధ్యలో డబ్బు అవసరమై తీసేసినవాడికి ఆ నష్టం ఖాయమైపోయింది. ఏడాదికో అంకె వేసుకుంటే ఈ గుంట కనబడనే కనబడదు.

అందుకే వాడితో చెప్పాను: ఫీజు డబ్బు బ్యాంకులో ఎఫ్‌డీ చెయ్యి, మిగిలింది ఏడేళ్లు ముట్టుకోనంటేనే ఈక్విటీ ఫండ్‌లో పెట్టు. ఆ రెండింటిలో ఏదంటే, సగటు ఒకటే అయినప్పుడు 13 ఉన్నదే తీసుకో. పైగా మీ ఇంటి ఆదాయమే రొయ్యల మీద ఊగుతోంది, దాని స్టాండర్డ్ డీవియేషన్ ఎంతో ఎప్పుడైనా లెక్కేశావా?

కాసేపు మాట్లాడలేదు. ‘నాన్న దగ్గర ఐదేళ్ల పట్టుబడి చీటీలున్నాయన్నా, ఆదివారం కూర్చుని లెక్కేస్తా’ అన్నాడు.