‘డౌట్లేమైనా ఉన్నాయా?’ అని అడక్కండి!

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం స్టాటిస్టిక్స్ ట్యుటోరియల్. క్లాసులో ఇరవై నాలుగు మంది. మేడమ్ బోర్డు నిండా లెక్కలు రాశారు, తుడిచారు, మళ్లీ రాశారు. తొంభై నిమిషాలు ఇట్టే గడిచిపోయాయి. చివర్లో ‘డౌట్లేమైనా ఉన్నాయా?’ అని అడిగారు. అందరి చూపులూ నోటు పుస్తకాల్లోకి దిగిపోయాయి. అంటే అందరికీ అర్థమైనట్టేగా! పది రోజుల తర్వాత పరీక్ష పేపర్లు దిద్దుతుంటే గానీ అసలు సంగతి తెలియలేదు. బోర్డు మీద చేసిన లెక్క చేశారు. అదే విషయాన్ని కాస్త మార్చి అడిగితే మాత్రం చేతులెత్తేశారు.

హార్వర్డ్ యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్‌కీ అచ్చం ఇలాంటి అనుభవమే ఎదురైంది. కష్టమైన లెక్కలు చకచకా చేసే ఆయన విద్యార్థులు, మామూలు మాటల్లో అడిగిన ప్రాథమిక ప్రశ్నల దగ్గర తడబడ్డారు. దాంతో 1991లో ఆయన పద్ధతి మార్చేశారు. ముందు ఒక ప్రశ్న. ఎవరికి వాళ్లు ఆలోచించి జవాబు ఎంచుకోవాలి. తర్వాత పక్కవాళ్లతో వాదించాలి. ఆపైన మళ్లీ జవాబు చెప్పాలి. మేడమ్ కూడా ఈసారి అదే దారి పట్టారు.

ఒక్క కాగితం, రెండు అంకెలు

ఆమె ముందుగా చేసిన పని లెక్కలు తగ్గించుకోవడం. మామూలుగా ఎనిమిది లెక్కలు చేసే చోట ఈసారి ఒకే ఒక్క కథ. 1973లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో పీజీ ప్రవేశాల కథ అది. ఆ ఏడాది దరఖాస్తు చేసిన అబ్బాయిల్లో 44 శాతం మందికి సీట్లొచ్చాయి. అమ్మాయిల్లో 35 శాతం మందికే. అమ్మాయిలకు అన్యాయం జరిగిందా?

ఈ ప్రశ్నను ఎంచుకోవడంలోనే ఉంది కిటుకు. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్న అయితే చర్చ పుట్టదు. ఎవరికీ ఏమీ తోచని ప్రశ్న అయినా అంతే. సుమారుగా 30 నుంచి 70 శాతం మంది సరైన జవాబు చెప్పగలిగే ప్రశ్నకే వాదన బాగా రక్తి కడుతుందన్నది మజూర్ పద్ధతిలో లెక్క.

మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. జరిగింది అన్యాయమేనా, తేల్చాలంటే ఇంకే వివరం కావాలి... రెండూ కాగితం మీద రాయాలి. ఈ రాత పని అనవసరం అనిపిస్తుంది గానీ, అది లేకపోతే చురుకైన ఇద్దరు ముగ్గురు నోరు విప్పగానే మిగతావాళ్లు ‘నేనూ అదే అనుకున్నా’ అని తప్పుకుంటారు. ఒకసారి రాశాక మాట మార్చడం అంత సులువు కాదు. వాదించక తప్పదు.

తర్వాతి పదిహేను నిమిషాలు నలుగురేసి చొప్పున ఆరు జట్లు. ‘అమ్మాయిల మార్కులు తెలియకుండా ఎలా చెబుతాం?’ అని ఒకరు, ‘ఏ డిపార్ట్‌మెంట్‌కి ఎంతమంది పెట్టుకున్నారో చూడాలి కదా’ అని ఇంకొకరు. ఆ రెండో మాట వినపడగానే మేడమ్ రెండో కాగితం బయటికి తీశారు. అప్పటిదాకా దాచి ఉంచడమే అందులో పథకం.

అంకెలు తిరగబడ్డాయి!

రెండో కాగితంలో ఆరు పెద్ద డిపార్ట్‌మెంట్లలో రెండే ఉన్నాయి. వాటి పేర్లు లేవు, అక్షరాలే ఉన్నాయి. ‘ఎ’లో 825 మంది అబ్బాయిలు పెట్టుకుంటే 512 మందికి, 108 మంది అమ్మాయిలు పెట్టుకుంటే 89 మందికి సీట్లొచ్చాయి. అంటే అబ్బాయిల్లో 62 శాతం, అమ్మాయిల్లో 82 శాతం. ‘ఎఫ్’లో 373 మంది అబ్బాయిల్లో 22 మందికి, 341 మంది అమ్మాయిల్లో 24 మందికి. అంటే 6 శాతం, 7 శాతం. రెండు చోట్లా అమ్మాయిలదే పైచేయి.

‘ఇప్పుడు రెండూ కలిపి చూడండి’ అన్నారు మేడమ్. కాలిక్యులేటర్లు బయటికొచ్చాయి. అబ్బాయిలు 1198 మందిలో 534, అంటే 45 శాతం. అమ్మాయిలు 449 మందిలో 113, అంటే 25 శాతమే! ‘మేడమ్, లెక్క తప్పొచ్చినట్టుంది’ అని ఓ మూల నుంచి వినిపించింది. ‘తప్పు లేదమ్మా. ఎందుకలా వచ్చిందో మీ జట్టే చెప్పాలి’ అని ఆమె ఊరుకున్నారు.

ఈ ఊరుకోవడమే అన్నిటికన్నా కష్టం. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలోనే గమనించారు. అది మూడు సెకన్లకు పెరిగితే చాలు, పిల్లల జవాబులు నిడివిలోనూ, ఆలోచనలోనూ మెరుగయ్యాయి. మేడమ్ మనసులో పది అంకెలు లెక్కపెట్టుకున్నారు. ఏడో అంకె దగ్గర వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది.

‘అబ్బాయిల్లో ఎక్కువమంది సులువుగా సీటొచ్చే ‘ఎ’కి వెళ్లారు మేడమ్. అమ్మాయిల్లో నాలుగింట మూడొంతుల మంది సీటు దొరకడమే కష్టమైన ‘ఎఫ్’కి వెళ్లారు. అందుకే కలిపితే తగ్గింది.’

వెయిటెడ్ యావరేజ్ అంటే ఇదే. సూత్రం బోర్డు మీదికి ఎక్కింది ఆ తర్వాతే. దీన్ని ‘సింప్సన్ పారడాక్స్’ అంటారని చెప్పింది కూడా అప్పుడే. పేరు ముందే చెప్పేస్తే పిల్లలు దాన్నే జవాబుగా పట్టుకుని ఆలోచించడం మానేస్తారు.

అసలు వాదన అప్పుడే

ఇక్కడితో ఆపేస్తే ‘అన్యాయం ఏమీ లేదు’ అనుకుని అందరూ ఇళ్లకు వెళ్లిపోతారు. అది సగం నిజమే. అందుకే ఇరవై నిమిషాలు చివరి ప్రశ్న కోసం మిగిల్చారు. అమ్మాయిలు కష్టమైన డిపార్ట్‌మెంట్లకే ఎందుకు వెళ్లారు? 1975లో ఈ అంకెలను పరిశీలించిన బికెల్, హామెల్, ఓకానెల్ కూడా ప్రవేశాల కమిటీల వల్ల అమ్మాయిలకు నష్టం జరిగినట్టు కనపడలేదంటూనే, అంతకుముందు పెంపకంలోనూ చదువులోనూ వాళ్లను కొన్ని దారుల్లోకి నెట్టి ఉండొచ్చన్నారు. కొన్ని కోర్సుల వైపు రావొద్దని ముందే చెప్పి ఉంటే, డిపార్ట్‌మెంట్ల వారీగా విడదీయడమే ఆ అన్యాయాన్ని కప్పేస్తుంది. ఏ అంకెను నమ్మాలో అంకెలే చెప్పవు. ఈ మాట దగ్గర క్లాసు రెండుగా చీలింది.

చీలినప్పుడు ఒకరిద్దరే గొంతు పెంచడం మామూలే. దానికి మేడమ్ దగ్గరున్న మందు ఒక్కటే. ‘నీ మాట కాదు నాయనా, ఎదుటివాళ్లు ఏమన్నారో ముందు చెప్పు’ అనడం. చెప్పాలంటే వినాలి కదా! గుసగుసలు సినిమా కబుర్లలోకి జారితే మాత్రం ఆ ప్రశ్నకు కాలం చెల్లినట్టే. వెంటనే తర్వాతి మెట్టుకు వెళ్లాలి.

చివరి పది నిమిషాలకు చిన్న చీటీ. ‘ఊళ్లో పెద్దాసుపత్రిలో చనిపోయేవారి శాతం చిన్నాసుపత్రిలో కన్నా ఎక్కువ. చిన్నదే మంచిదా? రెండు వాక్యాల్లో రాయండి.’ పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ల జబ్బులే ముదిరినవి కావచ్చు, జబ్బు తీవ్రతను బట్టి విడదీసి చూడాలి అని రాసినవాళ్లకు విషయం పట్టుబడినట్టు. ‘ఇది సింప్సన్ పారడాక్స్’ అని మాత్రం రాసి ఊరుకున్నవాళ్లకు పేరే వచ్చింది, విషయం రాలేదు.

అలాంటి చీటీలు కొన్ని వచ్చాయి. మేడమ్ వాటిని విడిగా తీసి పెట్టుకున్నారు. వచ్చేవారం మొదటి ప్రశ్న వాటిలోంచే. ‘డౌట్లేమైనా ఉన్నాయా?’ అని ఆ రోజు ఆమె అడగలేదు. ఉన్న డౌట్లన్నీ చీటీల మీద చేతికి వచ్చేశాయిగా!