వస్తున్నట్టా, రానట్టా?

సూరత్‌లోని లింబాయత్‌లో ఉండే మిత్రుడు ఈమధ్య ఫోన్‌ చేశాడు. మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన పద్మశాలి కుటుంబం వాళ్లది. కొడుకు మున్సిపల్‌ కార్పొరేషన్‌ వారి తెలుగు మీడియం బడిలో చదువు మొదలుపెట్టి బీకాం పూర్తిచేశాడు. 14వ తేదీ మంగళవారం ఉదయం 11 గంటలకు ఇంటర్వ్యూకు రమ్మనీ, వస్తున్నదీ లేనిదీ తెలపమనీ ఒక బట్టల మిల్లు నుంచి ఈమెయిల్‌ వచ్చింది. కుర్రాడు జవాబిచ్చాడు. మర్నాడే మిల్లు నుంచి ఫోన్‌: "ఇంతకీ వస్తున్నారా, లేదా?"

ఆ జవాబు తెప్పించుకుని చూశాను. "రెస్పెక్టెడ్‌ సర్‌, ఐ యామ్‌ కన్‌ఫర్మింగ్‌ యువర్‌ ఇంటర్వ్యూ. ఐ వుడ్‌ బి అటెండింగ్‌ ద సేమ్‌. ఐ హావ్‌ ఎ డౌట్‌ అబౌట్‌ సర్టిఫికెట్స్‌. కైండ్లీ డు ద నీడ్‌ఫుల్‌ అండ్‌ రివర్ట్‌ బ్యాక్‌."

గందరగోళమంతా 'వుడ్‌'లో ఉంది. 'విల్‌' అంటే మొరటుగా ఉంటుందని, మనం పేరుకు 'గారు' చేర్చినట్టు, కుర్రాడు మర్యాద కోసం 'వుడ్‌' వాడాడు. కానీ ఇంగ్లిష్‌లో ఆ మాట వెనక ఒక 'అయితే' వేలాడుతుంది. చదివేవారికి అది 'వస్తాను' అని కాక, 'వీలైతే వద్దును' అన్నట్టు వినిపిస్తుంది. ఏదైనా అడిగేటప్పుడు 'వుడ్‌ యు' అనడం మర్యాదే. మాట ఇచ్చేటప్పుడు మాత్రం 'విల్‌' కావాలి.

'యువర్‌ ఇంటర్వ్యూ'ను ఖరారు చేయాల్సింది మిల్లు వాళ్లు. అభ్యర్థి ఖరారు చేసేది తన రాకను. ఇక 'డౌట్‌'. ఒరిజినల్స్‌ తేవాలా అన్నది అతని ప్రశ్న. తెలుగులో దాన్నీ, అనుమానాన్నీ కూడా సందేహమే అంటాం. తరగతి గదిలో అది చెల్లుతుంది. ఉత్తరంలో మాత్రం సర్టిఫికెట్లే అనుమానాస్పదం అనిపిస్తుంది. పైగా ఆ 'నీడ్‌ఫుల్‌' ఏమిటో చెప్పనేలేదు. 'రివర్ట్‌' మన ఆఫీసుల్లో అలవాటైన మాటే గానీ, 'రిప్లై' అంటే అందరికీ తెలుస్తుంది. అన్నిటికీ మించి, ఈమెయిల్‌ అడుగున సంతకం చేసింది ఒక మహిళ!

ఇలా రాస్తే సరిపోయేది: "డియర్‌ మేడమ్‌, థాంక్యూ ఫర్‌ యువర్‌ ఈమెయిల్‌. ఐ విల్‌ అటెండ్‌ ద ఇంటర్వ్యూ ఫర్‌ ద అకౌంట్స్‌ అసిస్టెంట్‌ పోస్ట్‌ ఎట్‌ 11 ఎ.ఎం. ఆన్‌ ట్యూస్‌డే ద ఫోర్టీన్త్‌, ఎట్‌ యువర్‌ మిల్‌ ఆఫీస్‌. షుడ్‌ ఐ బ్రింగ్‌ మై ఒరిజినల్‌ సర్టిఫికెట్స్‌?" కింద పేరు, ఫోన్‌ నంబరు. ఉద్యోగం, తేదీ, వేళ, చోటు తిరిగి రాయడంలో ఇంకో లాభముంది. అతను దేన్నయినా పొరపాటుగా చదివి ఉంటే అవతలివారు అప్పుడే పట్టుకుంటారు.

చదివి వినిపిస్తే మిత్రుడు నసిగాడు: "మరీ ముక్తసరిగా లేదూ? పెద్దవాళ్లకు రాస్తున్నాం కదా." మొదట్లోనే థాంక్యూ ఉంది కదా అన్నాను. రెండోసారి ఫోన్‌ చేయాల్సిన పని వాళ్లకు లేకుండా చేయడం కూడా మర్యాదే.