అద్దెకు వచ్చేవారిని కాగితాలు అడగడం ఎలా?

సంస్థ క్వార్టర్సులో నివసిస్తూ, ఊరిలో కట్టుకొన్న ఇంటిని అద్దెకిచ్చే సహోద్యోగులు మనలో ఎందరో ఉన్నారు. ఇల్లు ఖాళీ అయిన ప్రతిసారీ వారి నుండి వినవచ్చే మాట ఒకటి కలదు: "కాగితాలు అడిగితే వచ్చినవారు నొచ్చుకొంటారేమో! అడగకపోతే రేపు మనమే నొచ్చుకోవలసి వస్తుందేమో!" ఈ సందిగ్ధం నుండి బయటపడే మార్గాన్ని ఈ మాసం పరిశీలిద్దాము.

మాకు తోచినంతలో, అడగడం వలన ఎవరూ నొచ్చుకోరు. ఎందుకో చెప్పకుండా అడిగినపుడు, అవసరానికి మించి అడిగినపుడు, అందరినీ కాక తమను మాత్రమే అడుగుతున్నారని తోచినపుడు నొచ్చుకొంటారు. కావున ప్రతి కాగితానికీ ఒక ప్రయోజనం ఉండవలెను. ఆ ప్రయోజనాన్ని మనమే ముందుగా చెప్పవలెను.

ప్రయోజనాలు ముఖ్యంగా రెండు. మొదటిది, ఎదుటి వ్యక్తి ఎవరన్నది. అద్దె ఒప్పందంలో పేరు, తండ్రి పేరు, శాశ్వత చిరునామా సరిగా వ్రాయడానికి ఫొటో ఉన్న గుర్తింపు పత్రం కావలెను. కొన్ని నగరాలలో అద్దెదారుల వివరాలను పోలీసులకు తెలుపవలెనని ఉత్తర్వులు వెలువడుతుంటాయి. 2024 జులై 1 నుండి ఇవి భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద ఇస్తున్నవే. అంతకు పూర్వం క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 144వ సెక్షన్ ఉండేది. ఇట్టి ఉత్తర్వు సాధారణంగా రెండు నెలలకు మించి ఉండదు, మరల జారీ అవుతుంటుంది. కనుక మన ప్రాంతంలో ప్రస్తుతం ఉన్నదో లేదో స్థానిక పోలీసు స్టేషనులో విచారించుకొని, ఉంటేనే ఆ పేరు చెప్పవలెను. లేని నిబంధనను సాకుగా చూపితే, అది బయటపడిన నాడు మన మాటకు విలువ ఉండదు.

రెండవ ప్రయోజనం, అద్దె క్రమంగా చెల్లించగల ఆదాయం ఉన్నదా అన్నది. దీనికి ఉద్యోగ పత్రం, ఇటీవలి జీతపు చీటీ చాలును. బ్యాంకు స్టేట్‌మెంటు అడగనవసరం లేదు. అందులో మందుల షాపు మొదలు బంధువులకు పంపిన సొమ్ము వరకు ఆ కుటుంబ జీవితమంతా కనిపిస్తుంది. అది మనకు సంబంధించిన విషయం కాదు.

ఆధార్ గురించి ఒక మాట చెప్పుకోవలెను. "ఆధార్ ఇవ్వండి" అనడం మనకు అలవాటైపోయినది. కాని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ప్రైవేటు వ్యక్తులూ సంస్థలూ ఒప్పందం పేరిట ఆధార్ ధ్రువీకరణ కోరడానికి వీలు కల్పించిన నిబంధనను కొట్టివేసినది. స్వచ్ఛందంగా చూపడానికి మాత్రం ఆటంకం లేదు. కనుక "ఓటరు కార్డు, డ్రైవింగు లైసెన్సు, పాస్‌పోర్టు, ఆధార్‌లలో మీకు అనువైనది ఒకటి" అని అడగడం ఉచితం. ఆధారే ఇస్తామంటే, మొదటి 8 అంకెలు కనిపించకుండా చివరి 4 అంకెలు మాత్రమే ఉండే మాస్క్‌డ్ ప్రతిని ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుండి తీసుకొనవచ్చునని మనమే చెప్పడం మంచిది. మనకు అక్కరలేనిదానిని మనం కోరడం లేదని ఎదుటివారికి తెలియడానికి ఇంతకన్న సులభమైన మార్గం లేదు.

ఇక ఒక ఉదాహరణ. విశాఖపట్నం సీతమ్మధారలో రెండు పడకగదుల ఇల్లు, నెలకు 18,000 రూపాయల అద్దె అనుకొందాము. ఒక యువకుడు భార్యతో వచ్చి ఇల్లు చూచినాడు. చూస్తున్నంతసేపు కాగితాల ప్రస్తావన రాకూడదు. వారు ఇల్లు నచ్చినదన్న తరువాత, బయానా తీసుకొనక ముందు, యజమాని ఇలా అనవచ్చును:

"బాబూ, ఇల్లు మీకు నచ్చినందుకు సంతోషం. ఒప్పందం వ్రాయించడానికి మీ ఇద్దరి గుర్తింపు పత్రాలు ఒక్కొక్కటి, ఉద్యోగానికి సంబంధించిన కాగితం ఒకటి కావాలి. ఎవరు వచ్చినా ఇవే అడుగుతాము. ఇదిగో, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. ఇవి నా పేరున ఉన్నాయి, మీరు కూడా చూసుకోండి."

చివరి రెండు వాక్యాలే కీలకం. యజమానిని కానివాడు బయానా తీసుకొని మాయమయ్యే మోసాలు నగరాలలో కొత్త కాదు. ఆ భయం అద్దెకు వచ్చేవారికీ ఉంటుంది. మన పత్రాలు ముందుగా చూపితే, అడగడం అనుమానం కాక ఇచ్చిపుచ్చుకోవడం అవుతుంది. అంతేకాదు, పాత పన్ను విధానంలో ఇంటి అద్దె మినహాయింపు కోరే ఉద్యోగి, ఏడాది అద్దె లక్ష రూపాయలు మించితే, యజమాని పాన్ సంఖ్యను తన సంస్థకు ఇవ్వవలసి ఉంటుంది. ఇక్కడ ఏడాది అద్దె 2,16,000. అతడు అడిగినపుడు మనం ముఖం ముడుచుకొంటే, అతడిని కాగితాలు అడిగే అర్హత మనకెక్కడిది?

ఆ యువకుడు "సార్, జీతం చీటీలో బ్యాంకు ఖాతా నంబరు, అప్పుల వివరాలు ఉన్నాయి" అని సంకోచిస్తే, "అవి కాగితం అడ్డుపెట్టి కప్పి జిరాక్సు తీయించండి. మీ పేరు, సంస్థ పేరు, నెల, చేతికి వచ్చే మొత్తం కనిపిస్తే చాలు" అనవలెను. చేతికి వచ్చేది 58,000 అనుకొంటే, 18,000 అందులో మూడవ వంతుకు లోపే. ఇది ఆచరణలో చాలామంది పాటించే కొలత మాత్రమే; చట్టం కాదు. కొత్తగా చేరినవారికి చీటీ ఉండదు, నియామక పత్రం చాలును. సొంత వృత్తి చేసుకొనేవారి వద్ద ఆదాయపు పన్ను రిటర్ను రసీదు ఉంటుంది. "జీతం చీటీ లేకపోతే ఇల్లు లేదు" అనడం వారికి అన్యాయం.

కాగితాలు చూచేటపుడు గమనించవలసినవి కొన్నే. గుర్తింపు పత్రంలోనూ ఉద్యోగ పత్రంలోనూ పేరు ఒకటిగా ఉన్నదా? ఇంటిపేరు ముందు వెనుకలు కావడం, అక్షరక్రమం మారడం మన ప్రాంతంలో సహజం. దానిని తప్పు పట్టరాదు. ఉద్యోగాన్ని నిర్ధారించుకొనదలిస్తే ముందు అతని అనుమతి తీసుకొని, సంస్థ తాను ప్రకటించిన నంబరుకు ఫోను చేయవలెను. అతడు ఇచ్చిన నంబరుకు చేస్తే, అవతల మాట్లాడేది అతని మిత్రుడైనా మనకు తెలియదు. "ఆరు నెలల అద్దె ముందే ఇస్తాను, కాగితాలు మాత్రం వద్దు" అనేవారి విషయంలో జాగ్రత్త వహించవలెను. సొమ్ము గుర్తింపుకు ప్రత్యామ్నాయం కాదు.

అయితే ఈ పత్రాలు చెప్పేది పరిమితమే. మనిషి ఎవరు, నేడు ఎంత సంపాదిస్తున్నాడు అన్నంత వరకే అవి చెప్పగలవు. ఇల్లు ఎలా ఉంచుతాడో, అద్దె ఏ తేదీన ఇస్తాడో వెనుకటి యజమాని చెప్పగలడు. ఆయనతో ఒక మాట మాట్లాడవచ్చునా అని అడగడంలో తప్పు లేదు. కులం, మతం, పిల్లలెప్పుడు వంటి ప్రశ్నలు మాత్రం ఒప్పందంలో ఏ గడినీ నింపవు.

చివరిగా, తీసుకొన్న ప్రతుల సంగతి. అసలు పత్రాలు చూచి వెంటనే తిరిగి ఇవ్వవలెను, ఉంచుకొనరాదు. ప్రతి నకలు మీద అడ్డంగా "ఇంటి అద్దె ఒప్పందం నిమిత్తం మాత్రమే" అని వ్రాసి, తేదీ వేసి, అతని చేతనే సంతకం చేయించవలెను. అప్పుడు ఆ కాగితం మరొక పనికి, ఉదాహరణకు సిమ్ కార్డు కొనడానికి, సులభంగా ఉపయోగపడదు. ఇల్లు ఇవ్వనివారి ప్రతులను అదే రోజు తిరిగి ఇచ్చివేయవలెను. వాట్సాప్‌లో పంపిన ఫొటోలుంటే మన ఫోను నుండి తొలగించి, ఆ విషయం వారికి తెలియజేయవలెను. ఇల్లు దొరకనివారు కూడా ఆ యజమాని దగ్గర తమ కాగితాలు భద్రమన్న నమ్మకంతో వెళ్లవలెను.