వేదిక వెనుక తెర



“థర్మోకోల్ వాడవద్దని అందరూ చెప్పేవారే. దాని బదులు ఏమి పెట్టాలో, ఎట్లా నిలబెట్టాలో ఒక్కరూ చెప్పరేం?” అని మన సంఘంలోని వదినగారొకరు నన్ను బస్సు స్టాపులో నిలదీశారు. ఆమె ప్రశ్న న్యాయమైనదే. క్రిందటి ఉగాదికి మన వేదిక వెనుక తెర తయారుచేసే పని నా నెత్తిన పడింది. అందులో నేను చేసిన పొరపాట్లు నాకింకా గుర్తున్నవి గనుక, ఈ నెల ఈ పేజీ వాటికే ఇస్తున్నాను.

ముందు చట్టం సంగతి ఒక్క మాటలో ముగిస్తాను. అలంకరణకు థర్మోకోల్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించింది. కర్ణాటకలో ఫ్లెక్సు బ్యానర్లను 2016 లోనే నిషేధించారు. కాబట్టి థర్మోకోల్ పోయింది గదా అని ఫ్లెక్సు కట్టేవారు ఒక గోతిలోనుంచి లేచి ఇంకొక గోతిలో పడుతున్నారన్నమాట.

అసలు థర్మోకోల్ మనల్ని అంతగా ఎందుకు లోబరుచుకున్నదో ఆలోచించండి. దానిలో నూటికి తొంభై ఎనిమిది వంతులు గాలి. బరువు లేదు, అయినా తన కాళ్ళమీద తాను నిలుస్తుంది. రెండు గుండుసూదులు గుచ్చితే గోడకు అంటుకుంటుంది. మన పూర్వులకు ఇదే గుణం గల వస్తువు జీలుగుబెండు. పెండ్లి బాసికాలు దానితోనే చేసేవారు. కాని పదహారడుగుల వేదికకు సరిపడేంత జీలుగుబెండు ఎక్కడ దొరుకుతుంది? గుడ్డకు, గోనెకు, అట్టకు తమంతట తాము నిలిచే గుణం లేదు. అందుచేత మనం వెతకవలసినది థర్మోకోల్‌ను పోలిన వస్తువును కాదు, దాని వెన్నెముకను. ఆ వెన్నెముక వెదురు చట్రం. చట్రం సరిగా కుదిరితే మిగతా పని సగం తేలిక.

మన హాలు వేదిక తెర పదహారడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు. మునుపు దీనికి మీటరు పొడవు, అరమీటరు వెడల్పు గల థర్మోకోల్ షీట్లు ఇరవైనాలుగు పట్టేవి. మరునాడు అవన్నీ ముక్కలై చెత్తలోకి పోయేవి. ఇప్పుడు ఎనిమిదడుగుల చదరపు చట్రాలు రెండు చేయించాము. ఒకే చట్రం చేస్తే మెట్లమీద మలుపు తిరగదు. ఈ సంగతి ముందుగానే తట్టినందుకు నన్ను నేను మెచ్చుకున్నాను. తరువాత మెచ్చుకోవలసిన అవకాశాలు అంతగా రాలేదు.

బొంగులు అంగుళంన్నర లావువి. ఒక్కొక్క చట్రానికి నిలువు బొంగులు రెండు, అడ్డ బొంగులు మూడు, మూలనుంచి మూలకు ఏటవాలుగా ఒకటి. ఆ ఏటవాలు బొంగు దండగ అని నేనంటే, కట్టిన మేదరి పెద్దాయన నవ్వి, “సామీ, అది తీసేస్తే మీ చదరం సాయంత్రానికి పతంగి అవుతుంది” అన్నాడు. ముడి ఎప్పుడూ కణుపును ఆనించి వేస్తాడాయన. నున్నటి చోట వేస్తే తాడు జారుతుందట. మేకు కొట్టేది లేదు, బొంగు నిలువునా చీలుతుంది. పచ్చి బొంగులైతే ఎండేకొద్దీ సన్నబడి ముళ్ళు వదులవుతవి గనుక, ఉత్సవానికి ముందురోజు అన్ని ముళ్ళూ మళ్ళీ బిగించి చూడాలని కూడా ఆయనే చెప్పాడు.

గుడ్డకు చిక్కపేటలో కోరాగుడ్డ తీసుకున్నాను. ముప్ఫైఆరు అంగుళాల పన్నా, మొత్తం పద్ధెనిమిది గజాలు. మూడేసి పన్నాలు కలిపి కుడితే ఒక చట్రానికి సరిపోయి, చుట్టూ మడతకు నాలుగంగుళాలు మిగులుతుంది. దుకాణంలో ఇదంతా నూలే అంటారు. నమ్మవద్దు. రెండు దారపుపోగులు లాగి ఇంటికి తెచ్చి వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద రాలుతుంది. పాలిస్టరు కలిసినదైతే కొస కరిగి గట్టి పూసలాగా ముడుచుకుంటుంది.

ఇక నా మొదటి పొరపాటు. పొడిగుడ్డనే దబ్బనంతో, పురికొసతో చట్రానికి మద్దెల బిగించినట్లు బిగించి, ఆ పైన ముడతలు పోవాలని గంజినీళ్ళు చిలకరించాను. కోరాగుడ్డ తడిస్తే ముడుచుకుంటుందని మా ఇంట్లో చాకలిపద్దు రాసేవారిని అడిగినా చెప్పేవారు! తెల్లవారి చూస్తే నిలువు బొంగులు రెండూ నడుమున లోపలికి వంగి, చట్రం డమరుకంలా తయారైంది. కుట్లన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టాము. గుడ్డను ముందు బాగా తడపాలి, సగం ఆరనివ్వాలి, అప్పుడు అరచేయి లోపలికి దూరేంత వదులుగా కుట్టాలి. మిగిలిన బిగువు ఆరేటప్పుడు అదే తెచ్చుకుంటుంది. సురభి కుటుంబాలవారు 1885 నుంచి రంగుల తెరలతో ఊరూరా తిరిగి నాటకాలాడినవారు. వారి తెరల వెనుక ఎంత అనుభవం వున్నదో నాకు ఆ రోజు అర్థమైంది.

తడపడం అన్నాను గదా, దేనితో తడపాలన్నదే ఈ నెల అసలు విషయం. థర్మోకోల్ మంటకు కరిగి, మండుతున్న చుక్కలుగా కారుతుంది, నల్లని పొగ చిమ్ముతుంది. అది పోయినందుకు సంతోషమే. కాని గుడ్డ, గోనె, అట్ట, వెదురు, ఇవేవీ నిప్పుకు చుట్టాలు కాకపోలేదు. 1981 ఫిబ్రవరి 7న మన బెంగుళూరులోనే వీనస్ సర్కస్ డేరాకు నిప్పంటుకొని తొంభైమందికి పైగా పోయారు. వారిలో చాలామంది పిల్లలే. పాత కుటుంబాలవారికి ఆ రోజు గుర్తుండే వుంటుంది. మన వేదికమీద జ్యోతి వెలిగిస్తాము, పిల్లలు తెర ముందే నృత్యం చేస్తారు. ప్రకృతి వస్తువు గదా అని ధీమాగా వుండడానికి వీలులేదు.

నూలుగుడ్డకు ఉపాయం పాతదే, ఖర్చు తక్కువదే. ఆరు లీటర్ల వేడినీళ్ళలో ఆరువందల గ్రాముల వెలిగారం, రెండువందల యాభై గ్రాముల బోరిక్ పొడి పూర్తిగా కరిగించాలి. మా పద్ధెనిమిది గజాలకు అది సరిపోయింది. గుడ్డను అందులో ముంచి, గట్టిగా పిండకుండా నీడలో ఆరేయాలి. వెలిగారం మంటను ఆపుతుంది. మంట ఆరిన తరువాత లోలోపల రాజుకునే కణకణను బోరిక్ పొడి ఆపుతుంది. అందుకే రెండూ కావాలి. చేతికి తొడుగులు వేసుకోండి, వంటగిన్నెలు వాడకండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. ఆరిన తరువాత బెత్తెడు పీలిక కత్తిరించి, ఆరుబయట పటకారుతో పట్టుకొని, క్రింది అంచుకు అగ్గిపుల్ల పది పన్నెండు క్షణాలు చూపించండి. పుల్ల తీయగానే మంట ఆరి, నల్లమచ్చ పెరగకుండా ఆగితే పని కుదిరినట్టు. ప్రాకుతూ పోతే మళ్ళీ ముంచాలి. ఈ మందు ఉతికితే పోతుంది, వాన తగిలితే పోతుంది. అందుచేత ఇది హాలులోపలి తెరకేగాని ఆరుబయట పందిరికి పనికిరాదు. పాలిస్టరు గుడ్డకూ పనిచేయదు.

ఇక్కడే నా రెండవ పొరపాటు. ఉగాది గదా అని గుడ్డను ముందుగా పసుపునీళ్ళలో ముంచి చక్కని పచ్చరంగు తెచ్చాను. ఆ తరువాత ఈ నీళ్ళలో ముంచితే ఇటికరంగు తిరిగింది! నేను తలపట్టుకొని కూర్చుంటే మా పిన్నిగారు వచ్చి చూసి, “పసుపులో సున్నం కలిస్తే పారాణి కాదట్రా నాయనా? నీ వెలిగారమూ ఆ కోవదే” అన్నారు. మెట్రిక్యులేషన్‌లో నాకు చెప్పిన రసాయనశాస్త్రం కంటె అది నయం. ఆ ఇటికరంగే చివరికి అందరికీ నచ్చింది, నేను కావాలనే చేశానని అనుకున్నారు. నేను కాదనలేదు. మీరు మాత్రం రంగు వేసే గుడ్డ ముక్కను ముందు పరీక్షించి చూసుకోండి.

గోనెపట్టా అంచుకట్టుకు, స్తంభాలు చుట్టడానికి వాడాము. దానికీ ఇదే మందు పట్టించాలి. కొత్త గోనెకు నూనె కంపు వుంటుంది, నాలుగురోజులు గాలికి ఆరేయండి. కత్తిరించే గీతమీద ముందుగా మైదా జిగురు రాసి ఆరనిస్తే పోగులు ఊడవు.

అక్షరాలకు అట్ట. సరుకుల పెట్టెలకు వాడే ముడతల అట్టే చాలు, కాని దానికొక గుణం వున్నది. లోపలి ముడతలు ఏ దిక్కున సాగుతవో ఆ గీతల వెంట అది మడతపడుతుంది. రెండు పొరలు తీసుకొని, ఒకదాని ముడతలు నిలువుగా, రెండవదానివి అడ్డంగా వుండేటట్లు అంటిస్తే పలకలా నిలుస్తుంది. రంగు ఒకవైపే వేస్తే అది తడికి వంకర తిరుగుతుంది, వెనుకవైపు కూడా ఒక పూత వేయాలి. మన తెలుగు అక్షరాలు గుండ్రనివి, తలకట్టు దగ్గర మెడ సన్నం. “శు”, “భా” మెడలు నా చేతిలోనే విరిగినవి. ఎక్కడా అంగుళానికి తగ్గకుండా గీసుకొని, పదునైన కత్తితో ఒక్క వేటుకు కాక మూడుసార్లు మెల్లగా గీస్తే అంచు చిట్లదు. జిగురుతో అంటించవద్దు. దబ్బనంతో గుడ్డకు రెండు కుట్లు వేస్తే మరుసటి ఏడు విప్పుకోవచ్చు. “శుభాకాంక్షలు” దాచుకొని సంవత్సరం పేరు మాత్రం కొత్తగా కోసుకుంటే సరిపోతుంది. సంవత్సరం పేర్లు అరవై వున్నవి, తొందరేమీ లేదు.

ఇన్ని చేసినా జ్యోతిని తెరకు ఆరడుగుల దూరంలో పెట్టించాను. వేడెక్కే హాలోజన్ దీపాలు తెర వెనుక వద్దన్నాను. దీనిమీద కార్యవర్గంలో చిన్న వాగ్వాదం జరిగింది. తెర వెనుకనుంచి వెలుగు వస్తే ఫోటోలు బాగుంటవని ఒకరన్నారు. ఎల్.ఇ.డి. దీపాలతో సరిపెట్టాము. ఇసుక బకెట్లు రెండు ప్రక్కన వుంచాము. వాటిలో ఎవరో వక్కపొడి పొట్లాం కాగితాలు వేశారు.

చట్రాలు ఇప్పుడు మన కోశాధికారిగారి ఇంటి మెట్లక్రింద, నేల తగలకుండా ఇటుకలమీద పడుకొని వున్నవి. మొన్న వెళ్ళి చూస్తే ఒక బొంగు క్రింద శనగపిండి చల్లినట్లు సన్నని పొడి కనబడింది. పురుగు పట్టిందన్నమాట. ఆ ఒక్క బొంగును విప్పి బయట పారవేయించి, మిగిలినవాటికి అదే వెలిగారం, బోరిక్ నీళ్ళు రెండుసార్లు పట్టించాను. మేదరి పెద్దాయన వచ్చే ఆదివారం కొత్త బొంగు తెస్తానన్నాడు. ముడి వేసేటప్పుడు చూసి నేర్చుకోదలచిన కుర్రవాళ్ళు ఉదయం పదిగంటలకు కోశాధికారిగారి ఇంటికి రావలసింది. కాఫీ వారింట్లోనే.