ఒక్క సంతకమే కదా బావా



షార్జాలో స్టీల్ ఫిక్సర్ పని చేసే ఒక తమ్ముడు కిందటి నెల మన గ్రూపు వాళ్లకు ఫోన్ చేసిండు. సొంతూరు జగిత్యాల జిల్లా. తొమ్మిదేండ్లుగా ఇక్కడ ఉంటున్నాడు, ఎవరి దగ్గరా పది రూపాయలు బాకీ లేడు. ఇల్లు కట్టుకుందామని సెలవు మీద పోయి బ్యాంకులో లోను అడిగితే, ఆఫీసరు కంప్యూటర్ చూసి "మీ పేరు మీద మొండి బాకీ ఉంది, లోను రాదు" అన్నడట. ఇతనికి ముందు అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. మూడేండ్ల కింద, పెండ్లికి ఊరికి పోయినప్పుడు, బామ్మర్ది సెకండ్ హ్యాండ్ డీసీఎం వ్యాన్ కొనడానికి లోను తీసుకున్నడు. "ఒక్క సంతకమే కదా బావా, కిస్తులు నేనే కడత" అంటే షూరిటీ సంతకం పెట్టిండు. భార్య పక్కనే నిలబడి ఉంది, కాదంటే ఇంట్లో ఏమవుతుందో మనకు చెప్పనక్కర లేదు.

మనలో చాలామంది షూరిటీ అంటే "ఈ మనిషి మంచోడు" అని సాక్షి సంతకం పెట్టడం అనుకుంటాం. అసలు తప్పు అక్కడే జరుగుతుంది. సాక్షికి బాకీతో సంబంధం లేదు, షూరిటీకి ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడు ఎంత బాధ్యుడో షూరిటీ కూడా అంతే బాధ్యుడు. సగం కాదు, అవసరమైతే చూద్దాం అని కాదు, మొత్తానికి. అంతేకాదు, ముందు అప్పు తీసుకున్నవాణ్ణి అడిగి, వాడి దగ్గర దొరక్కపోతేనే షూరిటీ దగ్గరికి రావాలన్న రూలు లేదు. ఈ మాట సుప్రీంకోర్టు 1968లోనే, బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో తేల్చేసింది. బ్యాంకు ఎవరి దగ్గర తేలిగ్గా వసూలవుతుందో వాళ్ల దగ్గరికి ముందు పోవచ్చు. ఊళ్లో ఖాళీగా తిరిగే బామ్మర్ది కంటే నెల నెలా గల్ఫ్ జీతం పంపే బావే తేలిగ్గా దొరుకుతాడు కదా.

మనం ఇక్కడ రోజూ "కఫీల్, కఫీల్" అంటుంటాం. అరబ్బీలో ఆ మాటకు అసలు అర్థం పూచీ పడినవాడు అనే. బామ్మర్ది లోను కాగితం మీద సంతకం పెట్టిన రోజు ఈ తమ్ముడు వాడికి కఫీల్ అయిండు, ఆ సంగతి తనకే తెలియదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. లోను 6 లక్షలు, వడ్డీ ఏడాదికి 12 శాతం, ఐదేండ్ల గడువు. నెలకు కిస్తు 13,350 రూపాయల దాకా వస్తుంది. బామ్మర్ది 14 కిస్తులు బాగానే కట్టిండు. అప్పటికి ఇంకా దాదాపు 4 లక్షల 90 వేలు మిగిలింది. మొదట్లో కట్టే కిస్తుల్లో వడ్డీ భాగం తర్వాతి కిస్తుల్లో కంటే ఎక్కువ ఉంటది కాబట్టి అసలు అంతగా తగ్గదు. ఆ తర్వాత వ్యాన్‌కు యాక్సిడెంట్ అయింది, కిరాయిలు ఆగిపోయినయ్, కిస్తులూ ఆగినయ్. 20 నెలలు అట్లనే గడిచేసరికి వడ్డీ మీద వడ్డీ కలిసి బాకీ మళ్లీ 6 లక్షల దగ్గరికి వచ్చింది. పెనాల్టీలు వేరే. బ్యాంకు వ్యాన్‌ను పట్టుకుని వేలం వేస్తే 1 లక్షా 80 వేలు వచ్చినయ్. మిగిలిన 4 లక్షల 20 వేలు షూరిటీ మెడకు చుట్టుకుంది. ఈ తమ్ముడు ఇంటికి నెలకు 15 వేలు పంపుతాడు. అంటే 28 నెలలు ఇంటికి పంపే డబ్బు.

డబ్బు కంటే ముందు దెబ్బ తిన్నది సిబిల్ రిపోర్టు. షూరిటీ సంతకం పెట్టిన లోను మన రిపోర్టులో కూడా "గ్యారంటర్" అని కనబడుతుంది. కిస్తులు సరిగ్గా కడుతున్నప్పుడు కూడా, కొత్త లోను ఇచ్చే బ్యాంకు "ఈయన మీద ఇంకో భారం ఉంది" అని లెక్క వేసుకోవచ్చు. 90 రోజులు దాటి కిస్తు ఆగితే అది మొండి బాకీ అవుతుంది, ఆ మచ్చ మన పేరు మీదా పడుతుంది.

గల్ఫ్‌లో ఉన్నోళ్లకు ఇంకో చిక్కు ఉంది. బ్యాంకు నోటీసులు, కోర్టు సమన్లు ఊరి అడ్రసుకే పోతాయి. ఈ తమ్ముడి ఇంటికీ రెండు రిజిస్టర్ పోస్టులు వచ్చినయ్. నాన్న సంతకం పెట్టి తీసుకుని, గోడ మీది దేవుడి పటం వెనక పెట్టిండు. "నువ్వు అక్కడ కష్టపడుతున్నవ్, కాగితాల గోల ఎందుకని చెప్పలే" అన్నడట. ఇంట్లో పెద్దవాళ్లు తీసుకున్నా కోర్టు సమన్లు అందినట్టే లెక్కించవచ్చు. మనం హాజరు కాకపోతే ఎక్స్ పార్టీ డిక్రీ, అంటే మన మాట వినకుండానే తీర్పు ఇస్తారు. ఆ డిక్రీని అమలు చేయించుకోవడానికి బ్యాంకుకు 12 ఏండ్ల టైముంటుంది. మన పేరు మీద ఉన్న భూమిని, ఖాతాలో డబ్బును కోర్టు ద్వారా జప్తు చేయించవచ్చు. డిక్రీని రద్దు చేయమని అడగడానికి మాత్రం మనకు 30 రోజులే. సమన్లు నిజంగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి ఆ 30 రోజులు లెక్కిస్తారు. అందుకే ఎక్కడన్నా సంతకం పెట్టి ఉన్నోళ్లు ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు "ఏమన్నా పోస్టు వచ్చిందా" అని అడగండి. వచ్చిన కాగితం ప్రతి పేజీ ఫోటో తీసి పంపమనండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఇక్కడి ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇవ్వండి. సిబిల్ రిపోర్టు ఏడాదికి ఒకసారి ఉచితంగా చూసుకోవచ్చు, ఫోన్‌లోనే అయిపోతుంది.

సంతకం పెట్టినాక "నాకొద్దు, తీసేయండి" అంటే కుదరదు. వేరే షూరిటీని చూపించి, బ్యాంకు ఒప్పుకుంటేనే బయటపడతాం. అప్పు తీసుకున్న మనిషి చనిపోయినా మన బాధ్యత పోదు. మనకే ఏమన్నా అయితే, మనం వదిలిన ఆస్తి మేరకు ఆ బాకీ పిల్లల దాకా పోతుంది.

ఇంత చెప్పినా బంధువు అడిగితే కాదనడం కష్టమే, మాకూ తెలుసు. పెట్టక తప్పదనుకుంటే ఖాళీ ఫారం మీద మాత్రం సంతకం వద్దు. ఎంత మొత్తానికో, ఏ లోనుకో రాయించండి. "ఇప్పుడు, ఇకముందు తీసుకునే అప్పులన్నిటికీ" అని ఉంటే అది కంటిన్యూయింగ్ గ్యారంటీ, దాని జోలికి పోకండి. కాపీ అడిగి దగ్గర పెట్టుకోండి. మా అభిప్రాయం అడిగితే, సంతకం బదులు పోయినా తట్టుకోగల డబ్బు ఒక యాభై వేలు చేతిలో పెట్టడం చవక. పోతే యాభై వేలతో పోతుంది.

ఇప్పటికే చిక్కుకున్నోళ్లకు. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 దాటినాక ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. ఏజెంటు చేతికి నగదు ఇవ్వకండి. ముందు బ్యాంకు నుంచి పూర్తి స్టేట్‌మెంట్ తీసుకోండి, వేలంలో వచ్చిన డబ్బు జమ అయిందో లేదో చూడండి. తగ్గించి కట్టించుకుంటామంటే లెటర్ మీద రాయించండి. కానీ అట్లా కడితే రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, అది "క్లోజ్డ్" అంత మంచిది కాదు.

మనం కట్టిన ప్రతి రూపాయి అప్పు తీసుకున్నవాడి నుంచి తిరిగి రాబట్టే హక్కు చట్టం ఇచ్చింది. మనతో పాటు ఇంకో షూరిటీ ఉంటే అతని వాటా కూడా అడగొచ్చు. దావా వేయడానికి కట్టిన రోజు నుంచి మూడేండ్ల గడువు. మన ఖాతా నుంచే, "గ్యారంటర్ చెల్లింపు" అని రసీదు మీద రాయించుకుని కట్టాలి. ఈ తమ్ముడు మొదటి 40 వేలు బామ్మర్ది చేతికి ఇచ్చి కట్టించిండు, రసీదు బామ్మర్ది పేరు మీదే వచ్చింది. ఇప్పుడు ఆ 40 వేలు తనవని చూపించడానికి దగ్గర కాగితం లేదు. మిగతావి నెలకు 10 వేల చొప్పున తన ఖాతా నుంచే కడుతున్నడు, రసీదులన్నీ ఫోన్‌లో ఒక ఫోల్డర్‌లో దాచిండు. ఇల్లు కట్టే పని ఆగింది.