ఆధార్‌లో ఊరి అడ్రస్, ఉండేది టౌన్‌లో: ఖాతా ఎట్లా తెరవాలి?

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల కుటుంబాలు పిల్లల చదువుల కోసం ఊరు విడిచి టౌన్‌లో అద్దెకు ఉండటం ఇప్పుడు మామూలే. చిక్కల్లా బ్యాంకు దగ్గరే వస్తోంది. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి కరీంనగర్ వచ్చిన ఒక ఇల్లాలినే తీసుకుందాం. భర్త దుబాయ్‌లో ఉంటాడు, నెలకు 25 వేలు పంపుతాడు. ఆమె ఆధార్‌లో ఊరి అడ్రస్ ఉంది, కరెంటు బిల్లు ఇంటి ఓనర్ పేరు మీద వస్తుంది. 'ఇక్కడి అడ్రస్ ప్రూఫ్ లేకుంటే ఖాతా రాదు' అని కౌంటర్‌లో చెప్పి పంపేస్తారు.

రిజర్వ్ బ్యాంకు కేవైసీ నిబంధనలు అట్లా చెప్పలేదు. ఆమె ఇష్టపడి ఆధార్ ఇచ్చి, బ్రాంచిలో వేలిముద్రతో ఈ-కేవైసీ చేయిస్తే, ఆధార్‌లో లేని ప్రస్తుత అడ్రస్‌ను తానే రాసి సంతకం పెట్టి ఇవ్వొచ్చు. దీన్నే సెల్ఫ్ డిక్లరేషన్ అంటారు. వేరే రుజువు అక్కర్లేదు.

పని చేసీ చేసీ వేళ్ల గీతలు అరిగిపోయి వేలిముద్ర పడకపోతే ఇంకో దారి ఉంది. ఆధార్ లాంటి గుర్తింపు పత్రంతో పాటు, ఆమె పేరు మీద, ఇప్పుడున్న అడ్రస్‌తో, రెండు నెలలకు మించి పాతది కాని కరెంటు, నీళ్ల లేదా పోస్ట్‌పెయిడ్ మొబైల్ బిల్లు ఇవ్వాలి. కొత్త అడ్రస్ ఉన్న గుర్తింపు పత్రాన్ని మాత్రం మూడు నెలల్లో చూపాలి. మామూలు అద్దె అగ్రిమెంట్ ఈ బిల్లుల జాబితాలో లేదు. కానీ రిజిస్టర్ చేయించిన అగ్రిమెంట్ ఆధార్‌లో అడ్రస్ మార్చుకోవడానికి పనికొస్తుంది.

ఇక్కడ ఒక విషయంలో జాగ్రత్త పడాలి. కాగితాలు చాల్లేదంటూ కొన్నిచోట్ల 'స్మాల్ అకౌంట్' తెరుస్తామంటారు. గుర్తింపు పత్రాలు అసలే లేనివాళ్ల కోసం పెట్టిన ఖాతా అది. అందులో 50 వేలకు మించి నిల్వ ఉండకూడదు, ఏడాదికి లక్షకు మించి జమ కాకూడదు, నెలకు 10 వేలకు మించి తీయకూడదు. పత్రాలతో పూర్తి గుర్తింపు అయ్యేదాకా విదేశం నుంచి వచ్చే డబ్బు అందులో జమ చేయరు. అంటే దుబాయ్ నుంచి భర్త పంపే మొదటి 25 వేలే ఆగిపోతాయి. ఆధార్ ఉన్న మనిషికి ఈ ఖాతాతో పనే లేదు. ఫారం మీద సంతకం పెట్టే ముందు అది ఏ రకం ఖాతానో అడగండి.

అయినా కాదంటే, ఎందుకు కాదంటున్నారో కాగితం మీద రాసి ఇమ్మనండి. బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. ఖాతా ఇంకా రానివాళ్లు, దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు కూడా అక్కడ అడగొచ్చు.